ఎదుటి మూల

లింగం పోయిన మూడో రోజున తాపీ నది ఒడ్డున పిట్ట ముట్టలేదు.

ఇస్తరాకులో అన్నం, కోడికూర, పక్కన ఆయన కాల్చే బీడీ కట్ట ఒకటి పెట్టి అందరూ వెనక్కి జరిగి నిలబడ్డారు. కాకులు లేవా అంటే బోలెడున్నాయి. రెయిలింగ్ మీద వరుసగా కూర్చుని మెడలు వంచి చూస్తున్నాయే గాని ఒక్కటీ కిందికి దిగలేదు. లింబాయత్ గల్లీ పెద్దలు ఒక్కొక్కరే ముందుకొచ్చి మొక్కారు. పిల్లను మేం చూసుకుంటామన్నారు, ఇల్లు ఖాళీ చేయనీయమన్నారు, ఊళ్లో మొక్కు మేం తీరుస్తామన్నారు. కాకులు ఎవరి మాటా నమ్మలేదు. గంటన్నర చూసి, ఇక ఎండ భరించలేక ఆ ఆకును అటుగా వచ్చిన ఆవుకు పెట్టారు.

"ఆయిన మనసుల ఏదో ఉన్నది. గది తీరనిదే ముట్టడు," అంది లింగం భార్య ఎల్లవ్వ. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఆ మాట ఆమె నోట్లోంచి గాలిలా వచ్చింది.

అందరికంటే వెనక నిలబడ్డ ఉమాకాంత్ తన చెప్పుల వంక చూసుకున్నాడు. అతనికి ఇరవై ఆరేళ్లు. పుట్టింది, పెరిగింది లింబాయత్‌లోనే. వాళ్ల నాన్న నర్సింగం, లింగం ఇద్దరూ సిరిసిల్ల వైపు పల్లెల నుంచి ఒకే రైల్లో దిగి, ఒకే కార్ఖానాలో పాతికేళ్లు పక్కపక్క సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, నేసినవాళ్లు. దుమ్ముకు ఊపిరి ఆడక లింగం మగ్గాలు వదిలేసి, మూడేళ్ల కింద పల్సానాలో ఒక రంగుల మిల్లులో చేరాడు. అక్కడ రంగునీళ్లు శుద్ధిచేసే యార్డులో ఆపరేటర్. ఆ యార్డులోనే విషవాయువు పీల్చి, యాసిడ్ వాల్వు పక్కన పడిపోయి ప్రాణం వదిలాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఎల్లవ్వ ఉమాకాంత్ పక్కనే కూర్చుంది.

"కొడుకా, మిల్లోళ్లు ఏమంటుండ్రో ఎర్కేనా? టీవీల ఎర్రగ చూపెడుతుంటే గూడ ఆ వాల్వు కాడికి పోయిండట. రంగులే కండ్లకు ఆనలేదేమో అంటుండ్రు. పాతికేండ్లు రంగునూలు కండెలు చూసినోనికి రంగు తెల్వదంటే నేనెట్ల పడాలె? ఆ టీవీ నువ్వే పెట్టినవ్ గద. జర చూసి చెప్పు. ఎర్రగనే ఉండెనా?"

"చూసి చెప్త చిన్నమ్మా," అన్నాడు ఉమాకాంత్. ఆ మాట అనేటప్పటికి అతనికి భయం లేదు. బాధ మాత్రమే ఉంది. భయం వచ్చింది మర్నాడు.

ఆ టీవీ నిజంగానే అతని చేతి పని. రవీంద్ర భాయ్ అనే ఆయన నడిపే చిన్న కంపెనీలో ఉమాకాంత్ ప్రోగ్రాములు రాస్తాడు. మిల్లుల్లో గాలి, ఆవిరి, పీడనం కొలిచే సెన్సర్లు పెట్టి, వాటి రీడింగులను తెర మీద చూపించడం వాళ్ల వ్యాపారం. పల్సానా యార్డు మూడు మూలల పొలంలా ఉంటుంది. ఒక మూల గేటు. గేటు నుంచి గోడ వెంట ఇరవై మీటర్లు పోతే ప్యానెల్ గది, ఆపరేటర్ కూర్చునేది అక్కడే. గేటు నుంచే రెండో గోడ వెంట ఇరవై మీటర్లు పోతే మురుగునీటి గుంత, దానికి కాస్త ఇవతల యాసిడ్ వాల్వు. మూడు మూలల్లో మూడు సెన్సర్లు. గంధకపు రంగులు కలిసిన నీళ్లలో యాసిడ్ ఎక్కువ పడితే కుళ్లిన గుడ్ల వాసన వేసే వాయువు పుడుతుంది. మరీ ఎక్కువ పుడితే ఆ వాసన కూడా తెలియదు, ముందు ముక్కు చచ్చిపోతుంది, తర్వాత మనిషి.

మిల్లువాళ్లు అంకెలు చూపిస్తే చాలన్నారు. ఉమాకాంతే ఒప్పుకోలేదు. అక్కడ తెలుగువాడు, ఒరియావాడు, బిహారువాడు అందరూ పనిచేస్తారు, ఏ అంకె ప్రమాదమో ఎవడు గుర్తుపెట్టుకుంటాడు, రంగైతే అందరికీ తెలుస్తుంది అన్నాడు. యార్డు పటం గీసి, ఒక్కో మూలకు అక్కడి రీడింగును బట్టి రంగు ఇచ్చాడు. తక్కువుంటే ఆకుపచ్చ, మధ్యస్థమైతే పసుపు, యాభై దాటితే ఎరుపు. మధ్యలో సెన్సర్లు లేవు కనుక, లోపలి ప్రతి చుక్కకూ ఆ మూడు మూలల రంగులే పాళ్లు వేసి కలపాలి. ఏ మూలకు దగ్గరుంటే ఆ మూల రంగు ఎక్కువ పడాలి. కొలిచింది మూడు చోట్లే, మిగతాదంతా అంచనా అని అతనికి తెలుసు. అయినా తెర నిండా ఒక రంగులోంచి ఇంకో రంగులోకి మెత్తగా జారిపోయే ఆ పటం చూసుకుని మురిసిపోయాడు. రవీంద్ర భాయ్ భుజం తట్టాడు. మిల్లువాళ్లు దాన్ని చూసి నియమం రాసి గోడకు అంటించారు. బజర్ మోగితే టీవీ చూడాలి. వాల్వు వైపు ఆకుపచ్చగా ఉంటే వెళ్లి యాసిడ్ కట్టేయాలి. ఎర్రగా ఉంటే గేటు బయటికి పరుగెత్తాలి.

అది లింగానికి నేర్పింది కూడా ఉమాకాంతే.

ఆదివారం పొద్దున ఆఫీసులో ఎవరూ లేరు. ఆ రోజు సెన్సర్ల రీడింగులు దాచి ఉన్నాయి. తెర మీది బొమ్మను మాత్రం ఎవరూ దాచరు, అది వచ్చి పోతుంది. బజర్ మోగిన నిమిషంలో గేటు దగ్గర నాలుగు, ప్యానెల్ గది దగ్గర రెండు, గుంత దగ్గర అరవై. మిల్లువాళ్లు చూసింది ఈ అంకెలే. గుంత అరవై ఉంటే దాని పక్కనున్న వాల్వు ఎర్రగా ఉండక తప్పదు, కనుక లింగం ఎరుపును చూసి కూడా వెళ్లాడు. తర్కం బాగానే ఉంది. ఉమాకాంత్ ఆ మూడు అంకెలను ప్రోగ్రాముకిచ్చి బొమ్మ తెరిచాడు.

గుంత మూల చక్కని ఆకుపచ్చలో ఉంది. ప్యానెల్ గది మూల రక్తంలా ఎర్రగా ఉంది.

మొదట ఏమీ అర్థం కాలేదు. సెన్సర్ల తీగలు మారాయేమో అనుకుని, తప్పు తీగలు కలిపినవాడిదేనని ఒక్క నిమిషం ప్రాణం లేచి వచ్చింది. తీగల పట్టీ చూశాడు. అవి సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు తెల్లకాగితం తీసుకుని కాలేజీ పిల్లాడిలా చేత్తో లెక్క మొదలుపెట్టాడు.

యార్డు మొత్తం వైశాల్యం రెండొందల చదరపు మీటర్లు. వాల్వు ఉన్న చోట చుక్క పెట్టాడు. గేటు నుంచి ప్యానెల్ వైపు రెండు మీటర్లు, గుంత వైపు పద్నాలుగు. ఆ చుక్క నుంచి మూడు మూలలకూ గీతలు గీస్తే పెద్ద త్రికోణం మూడు చిన్న త్రికోణాలైంది. గేటు, ప్యానెల్ మూలలతో కలిసింది నూట నలభై. ప్యానెల్, గుంతలతో కలిసింది నలభై. గుంత, గేటులతో కలిసింది ఇరవై. ఒక్కోదాన్ని రెండొందలతో భాగిస్తే పాయింట్ ఏడు, పాయింట్ రెండు, పాయింట్ ఒకటి. కూడితే ఒకటి. ఇంతవరకు ప్రోగ్రామూ ఇదే చెప్పింది.

తేడా ఆ తర్వాత ఉంది. ఏ చిన్న త్రికోణం వాటా ఏ మూలకు పోవాలి? అది తాకని మూలకు, అంటే ఎదుటి మూలకు. చుక్క గుంతకు దగ్గరవుతున్న కొద్దీ పెరిగేది గుంతను ఆనుకున్న త్రికోణాలు కావు, దానికి ఎదురుగా గేటు, ప్యానెల్ గోడ మీద నిలబడ్డ త్రికోణం. కనుక ఆ నూట నలభై గుంతది. పాయింట్ ఏడు పాళ్లు ఎరుపు పడాలి. ఉమాకాంత్ గోడల వరుసలో త్రికోణాలను లెక్కగట్టి, అదే వరుసలో వాటాలు పంచేశాడు. మొదటిది గేటుకు, రెండోది ప్యానెల్‌కు, మూడోది గుంతకు. గుంత ఎరుపుకు దక్కింది పాయింట్ ఒకటి. తెర లెక్కలో నిండు రంగంటే రెండొందల యాభై ఐదు పాళ్లు, అందులో నూట డెబ్బై తొమ్మిది పాళ్లు ఎరుపు ఉండాల్సిన చోట ఇరవై ఆరు పడింది. మిగతా రెండొందల ముప్పై ఆకుపచ్చ.

మూడు రంగులూ మూల మారి కూర్చున్నాయి.

మరి పరీక్షల్లో ఎందుకు తెలియలేదు? పరీక్షలు చేశాడు, చేయకపోలేదు. మూడు వాటాలు కూడితే ఒకటి వస్తుందా అని చూశాడు, వచ్చింది. ఎవరిది ఎవరికిచ్చినా ఒకటే వస్తుంది. సరిగ్గా నడిమధ్య చుక్కలో మూడు రంగులు సమానంగా కలుస్తున్నాయా అని చూశాడు, కలిశాయి. అక్కడ అందరికీ మూడో వంతే, తారుమారైనా ఎవడికి తెలుస్తుంది? ఆర్నెల్లుగా మూడు మూలలూ ఆకుపచ్చే, ఆకుపచ్చను ఆకుపచ్చతో ఎలా కలిపినా ఆకుపచ్చే.

పటం బిగించిన రోజు కూడా గుర్తొచ్చింది. పరీక్ష గ్యాసు డబ్బా పట్టుకుని అతను ఒక్కో సెన్సర్ దగ్గరికి పోతూ, టీవీ ముందు కూర్చోబెట్టిన లింగానికి ఫోన్ చేశాడు.

"కాకా, ఎర్రగైందా?"

"అయ్యిందిరా."

ఇంకో మూలకు పోయి, "ఇప్పుడు? ఎర్రగైందా?"

"అయ్యింది, అయ్యింది. మస్తుగ కనవడ్తున్నది."

మూడోసారీ అంతే. ఏ దిక్కు ఎర్రగైంది అని ఉమాకాంత్ ఒక్కసారి కూడా అడగలేదు. అడిగినదానికి లింగం సరిగ్గానే చెప్పాడు.

ఆ కాగితం ముందు ఉమాకాంత్ ఎంతసేపు కూర్చున్నాడో అతనికే తెలియదు. ఏడుపు రాలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం రవీంద్ర భాయ్‌కి చెప్పాడు. ఆయన చెడ్డవాడేం కాదు, ముగ్గురు పిల్లలున్న భయస్తుడు. తలుపు గడియ వేసి వచ్చి, హిందీలో గొంతు తగ్గించి మాట్లాడాడు. ఎన్ని లైన్ల తప్పు అని అడిగాడు. మూడు అన్నాడు ఉమాకాంత్. అయితే సరిచేసి పెట్టు, ఇంకెవరికీ చెప్పకు అన్నాడు ఆయన.

"బుధవారం ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు. ఆ రోజు రీడింగులతో టీవీ ఎలా కనిపించిందో చూపించమన్నాడు. సరిచేసిందే చూపించు. బొమ్మ సరైనదే కదా? అబద్ధం ఎక్కడుంది? పోయినవాడు తిరిగి రాడు ఉమాకాంత్. నువ్వు ఉండాలి కదా."

అబద్ధం ఎక్కడుందో ఉమాకాంత్‌కు బాగా తెలుసు. సరిచేసిన బొమ్మలో వాల్వు ఎర్రగా ఉంటుంది. దాంతో లింగం ఎరుపులోకి కావాలని నడిచిన మూర్ఖుడో, రంగులు తెలియని గుడ్డివాడో అవుతాడు, కాగితం మీద ముద్ర వేసి మరీ. పాత బొమ్మ చూపిస్తే ఆ ముద్ర తన మీద పడుతుంది. ఉద్యోగం పోవడం చిన్న సంగతి, కేసు అవ్వచ్చు, జైలూ అవ్వచ్చు. మూడు లైన్లు సరిచేయడానికి అతనికి నాలుగు నిమిషాలు పట్టింది. ల్యాప్‌టాప్‌లో పాతది, కొత్తది పక్కపక్కనే పెట్టుకుని ఇంటికి వెళ్లాడు.

కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టని కొడుకును నర్సింగం చాలాసేపు చూశాడు.

"ఏందిరా గిట్ల కూసున్నవ్? లింగం సంగతిల నీ తప్పు గిట్ల ఏమన్న ఉన్నదా?"

"లెక్క తప్పలేదు నాయినా. మూడు పాళ్లు సరిగ్గనే వచ్చినయ్. ఎవల పాలు ఎవలకియ్యాల్నో గది తప్పింది."

నర్సింగం ముద్ద పక్కన పెట్టాడు. "కండెలు లెక్కకు సరిపోయినయ్, సాంచెలు మారినయ్ అంటవ్."

"ఔ."

"గట్లయితే చీర మొత్తం నేసినంక గాని తెల్వది," అన్నాడు నర్సింగం. తిట్టి ఉంటే బాగుండేదని ఉమాకాంత్‌కు అనిపించింది. ఆయన లేచి చేయి కడుక్కుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు రాత్రంతా కదల్లేదు, నిద్రా పోలేదు.

బుధవారం పదకొండు గంటలకు ప్యానెల్ గదిలో ఇన్‌స్పెక్టర్, మిల్లు సూపర్‌వైజర్ అంబదాస్, రవీంద్ర భాయ్ ఉన్నారు. వాంగ్మూలం కోసం పిలిపించిన ఎల్లవ్వ తలుపు దగ్గర కొంగు కప్పుకుని నిలబడింది. కుర్చీ ఇస్తే కూర్చోలేదు. బహుశా అది లింగం కూర్చునే కుర్చీ అని ఆమెకెవరో చెప్పి ఉంటారు.

అంబదాస్ షోలాపూర్ పద్మశాలి. తెలుగు వచ్చు. ఆమెకు వినిపించేలా తెలుగులోనే అన్నాడు. "చూడమ్మా, ఇప్పుడు టీవీలో చూపెడ్తరు. మా తప్పేం లేదు. నియమం గోడ మీదనే ఉంది."

రవీంద్ర భాయ్ ఉమాకాంత్ వైపు చూసి కళ్లతోనే బతిమాలాడు. ఉమాకాంత్ తీగ కలిపాడు. మౌస్ మీద వేలు పెట్టాడు. కొత్తదాని మీదికి పోయింది కూడా, అది దాచేదేం లేదు, ఒక్క క్షణం అక్కడే ఆగింది. అప్పుడు ఎల్లవ్వ ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించింది. వేలు పక్కకు జరిపి పాతది నొక్కాడు.

టీవీ మీద యార్డు వచ్చింది. వాల్వు చుట్టూ లేత వరినారులాంటి ఆకుపచ్చ. వాళ్లు నిలబడ్డ ప్యానెల్ గది మూల మాత్రం భగ్గుమని ఎర్రగా ఉంది.

"ఇదేంది?" అన్నాడు అంబదాస్.

"ఆ రోజు లింగం కాక చూసింది ఇదే," అన్నాడు ఉమాకాంత్ హిందీలో, ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి. "ఆయన కూర్చున్న చోటు ఎరుపు, వాల్వు దిక్కు ఆకుపచ్చ. మీ నియమం ప్రకారమే ఎరుపులోంచి లేచి ఆకుపచ్చలోకి పోయి వాల్వు కట్టబోయాడు. ఈ బొమ్మ తప్పు. ఇందులో వాటాలు పక్క మూలలకు పోయాయి. రాసింది నేను." కాగితం మీది లెక్క ఆయన ముందు పెట్టాడు. నూట నలభై, నలభై, ఇరవై. తర్వాత సరిచేసిన బొమ్మ తెరిచాడు. వాల్వు మీదికి తుప్పు కలిసిన ఎరుపు పాకింది. రవీంద్ర భాయ్ తల పట్టుకుని ఆ కుర్చీలోనే కూలబడ్డాడు.

ఇన్‌స్పెక్టర్ రెండు బొమ్మలనూ మార్చి మార్చి వేయించుకున్నాడు. ఫోన్‌లో ఫోటోలు తీసుకున్నాడు. మరణించిన వ్యక్తి నియమాన్ని పాటించాడు అని నెమ్మదిగా, పలుకుతూ రాశాడు. ఉమాకాంత్ పేరు, తండ్రి పేరు, ఇంటి చిరునామా అడిగి కింద రాసుకున్నాడు.

ఎల్లవ్వకు హిందీ సగమే వచ్చు. అయినా రంగులకు భాష అక్కర్లేదు గదా. ఆమె ముందుకొచ్చి, "గది మళ్లొకసారి పెట్టు కొడుకా, మొదటిది," అంది. ఉమాకాంత్ పెట్టాడు. ఆమె తెరకు దగ్గరగా పోయి, వాల్వు ఉన్న చోట వేలు ఆనించింది.

"ఆకుపచ్చనే ఉన్నది."

"ఔ చిన్నమ్మా."

"ఆయిన కండ్లు మంచిగనే ఉన్నయ్."

"మంచిగనే ఉన్నయ్."

ఆమె ముఖంలో ఏదో సడలింది. వారం నుంచి బిగబట్టుకున్న ఊపిరి వదిలినట్టు. ఉమాకాంత్ ఆ ఒక్క క్షణం తన పాపమూ తేలికైందనుకున్నాడు. పిచ్చివాడు. ఆమె ఇంకా ఆలోచిస్తోంది. తెర మీది నుంచి వేలు తీయకుండానే తల తిప్పి అతన్ని చూసింది.

"ఇది పెట్టిన నాడు ఇంటికొచ్చి ఎంత సంబరపడ్డడో ఎర్కనా? మన నర్సింగం కొడుకు చేసిండే, నాకు నేర్పిండే అని గల్లీ అంత చెప్పుకుండు. గ్రీన్ ఉన్న దిక్కు పోతె భయం లేదు కాకా అని నువ్వు చెప్పినవట. అదే మాట అన్నం తినుకుంట పదిసార్లన్నడు."

ఆమె తెర మీది నుంచి వేలు తీసింది.

"నీ మాట ఇన్నడు కొడుకా. నువ్వు చెప్పినట్టె చేసిండు."

ఆ గొంతులో కోపం లేదు, అదే అతన్ని చంపేసింది. ఆమె కొంగు సర్దుకుని బయటికి నడిచింది. గేటు దాకా వెంట వెళ్లాడు. ఆటో ఎక్కుతూ ఆమె ఒక్కసారి ఆగింది.

"ఐతారం పదకొండో దినం. తాపీ కాడ మళ్ల పెడ్తం. నువ్వు రాకు. నిన్ను జూస్తె ముట్టడేమో."

ఆమె అన్నట్టే అతను వెళ్లలేదు. ఆ రోజు పొద్దంతా గదిలో కూర్చున్నాడు. కింద గల్లీలో సాంచెలు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. మధ్యాహ్నం నర్సింగం తడి పంచెతో వచ్చి గుమ్మంలో కాళ్లు కడుక్కున్నాడు. కొడుకు అడగలేదు. ఆయనే చెప్పాడు.

"ఆకు కింద పెట్టంగనే పిట్ట ముట్టింది."

ఆ తర్వాత ఆయన లోపలికి పోయి తలుపు దగ్గరకు వేసుకున్నాడు.